చీటీ లేని వైద్యం

రాబర్ట్ క్లిట్స్‌మన్ న్యూయార్క్‌లో సైకియాట్రిస్టు. 2001 సెప్టెంబర్ 11న వరల్డ్ ట్రేడ్ సెంటర్ కూలినప్పుడు ఆయన చెల్లెలు అందులో చనిపోయింది. ఆ తర్వాత ఆయనకు ఒంట్లో ఓపిక పోయింది. చదవబుద్ధి కాలేదు, పాటలు వినబుద్ధి కాలేదు. ఫ్లూ లాంటిదేదో పట్టుకుందనుకున్నాడు. అది డిప్రెషన్‌లా ఉందని తెలిసినవాళ్లు అంటే ఆయనకే వింతగా తోచింది. రోజూ పదిమందిలో ఆ జబ్బును కనిపెట్టే మనిషి తనలో కనిపెట్టలేకపోయాడు. తర్వాత ఆయన రోగులైన డాక్టర్లను సుమారు 70 మందిని కూర్చోబెట్టి మాట్లాడి, 2008లో ‘వెన్ డాక్టర్స్ బికమ్ పేషెంట్స్’ అనే పుస్తకం రాశాడు.

డాక్టర్లకు డిప్రెషన్ వస్తే ఎందుకు చూపించుకోరు అనే ప్రశ్నకు సర్వేలు సూటిగానే జవాబు చెబుతాయి. 2010లో కాన్‌స్టెన్స్ గీల్, శ్రీజన్ సేన్ బృందం అమెరికాలో ఇంటర్న్‌లను అడిగింది. డిప్రెషన్ లక్షణాలు కనిపించినవాళ్లలో వైద్యానికి వెళ్లింది నాలుగో వంతుకన్నా తక్కువ. ఎందుకు వెళ్లలేదంటే పదిమందిలో తొమ్మిదిమంది టైము లేదన్నారు. ముప్పాతిక వంతు మంది మా సంగతి మేమే చూసుకుంటామన్నారు. సగానికి పైగా నలుగురికీ తెలుస్తుందేమోనన్నారు. ఈ అంకెలు పనికొచ్చేవే. కానీ ‘టైము లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టిన మనిషి ఆ వారంలో ఏం చేశాడో, ఎవరి దగ్గర ఆగాడో, ఏ మందు మింగాడో ఆ టిక్కు చెప్పదు. ఆ టిక్కును విప్పి చూడటానికి ఉన్న పనిముట్లలో గ్రౌండెడ్ థియరీ ఒకటి. దాని పేరు మన పరిశోధన పత్రాల్లో తరచూ కనిపిస్తుంది, దాని పనితనం మాత్రం అరుదుగా కనిపిస్తుంది. ఆ పనితనం గురించే ఈ వ్యాసం.

ఈ పద్ధతి పుట్టింది ఆస్పత్రిలోనే. 1960లలో బార్నీ గ్లేజర్, ఆన్‌సెల్మ్ స్ట్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఆస్పత్రుల్లో, చావుకు దగ్గరైన రోగుల చుట్టూ మనుషులు ఎలా మసలుతారో చూశారు. 1965లో ఆ పరిశోధన ‘అవేర్‌నెస్ ఆఫ్ డైయింగ్’ పేరుతో వచ్చింది. అది ఎలా చేశామో 1967లో మరో పుస్తకంలో చెప్పారు. నాకు ఆ రెండో పుస్తకంలో అన్నిటికన్నా నచ్చేది, ఒక వార్డు తర్వాత ఇంకో వార్డును ఏ లెక్కన ఎంచుకున్నారో చెప్పిన ఒక చిన్న పేరా. తాను చనిపోతున్నానని రోగికి తెలిసే వీలే లేని చోట మొదలుపెట్టారు. అంటే నెలలు నిండని పసిబిడ్డల వార్డు, ఆ తర్వాత స్పృహలేని రోగులుండే న్యూరోసర్జరీ. అక్కణ్నుంచి చావు వేగంగా, అందరూ ఊహించినట్టే వచ్చే ఇంటెన్సివ్ కేర్‌కు వెళ్లారు. తర్వాత సిబ్బందికి తెలిసి, రోగికి తెలిసీ తెలియక, చావు నెమ్మదిగా నడిచొచ్చే క్యాన్సర్ వార్డు. ఆపైన ఎవరూ అనుకోకుండా ఉన్నట్టుండి ముంచుకొచ్చే ఎమర్జెన్సీ.

ప్రతి వార్డూ ముందరి వార్డు లేపిన ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళ్లిన చోటే. దీన్నే థియరిటికల్ శాంప్లింగ్ అంటారు. వంద మంది ఉన్న జాబితాలోంచి లాటరీ తీయడం లాంటిది కాదిది. వయసు, ఆడా మగా, ఊరూ పట్నం సమపాళ్లలో ఉండాలని ముందే గళ్లు గీసుకుని నింపడం లాంటిదీ కాదు. మొదటి కొందరిని ఎలాగో ఒకలా ఎంచుకోక తప్పదు. ఆ తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లాలో మాత్రం అప్పటిదాకా విన్నదే చెబుతుంది.

ఇది డాక్టర్ల డిప్రెషన్ దగ్గర ఎలా నడుస్తుందో చూపడానికి ఒక ఉదాహరణ కట్టుకుందాం. ఇందులోని మనుషులు, మాటలు అన్నీ నేను కల్పించినవే. వాళ్ల ప్రవర్తన మాత్రం కొత్తదేమీ కాదు. తమకు తామే మందు రాసుకోవడం, నడవాలో నిలబెట్టి సలహా అడగడం, జబ్బుకు ఇంకో పేరు పెట్టుకోవడం, ఇవన్నీ రోగులైన డాక్టర్ల మీద వచ్చిన పరిశోధనల్లో మళ్లీ మళ్లీ కనిపించేవే.

మన పరిశోధకురాలు ఒక బోధనాసుపత్రిలో ఎస్పీఎం విభాగంలో పనిచేస్తుంది. ఆమె మొదట కూర్చోబెట్టింది మెడిసిన్ పీజీ చేస్తున్న అమ్మాయిని. ఆరు నెలలుగా నిద్ర లేదు, ఏడుపు ఆగదు, రౌండ్స్‌లో చదివింది గుర్తుండదు. చూపించుకున్నావా అంటే, “టైమెక్కడిది మేడమ్, మీకు తెలియనిదేముంది” అంది.

ఈ రెండో ముక్కను అనుభవం ఉన్నవాళ్లు వెంటనే పట్టుకుంటారు. డాక్టరును డాక్టరే ఇంటర్వ్యూ చేస్తున్నప్పుడు ‘మీకు తెలియనిదేముంది’ అనే మాట తలుపు మూసినంత పని చేస్తుంది. అడిగేవాళ్లు తల ఊపి ముందుకు వెళ్లిపోతే, టేపులో మిగిలేది ఆ తల ఊపు కూడా కాదు, ఖాళీ. మన పరిశోధకురాలు, “నాకు తెలిసింది నాది, నీ సంగతి చెప్పు. పోయిన వారం మంగళవారం ఏం జరిగింది?” అని అడిగింది. మంగళవారం ఆ అమ్మాయి పంటినొప్పికి డెంటల్ విభాగానికి వెళ్లింది. చీటీ రాయించుకుని నలభై నిమిషాలు బల్ల మీద కూర్చుంది.

ఇంటర్వ్యూ అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాక కోడింగ్ మొదలవుతుంది. ఒక్కో వాక్యానికీ పక్కన ఒక చిన్న పేరు పెట్టాలి. క్యాథీ చార్మాజ్ అనే పరిశోధకురాలు ఆ పేర్లు వస్తువుల్లా కాక పనుల్లా ఉండాలని చెప్పింది. ఇంగ్లీషువాళ్లు ఇందుకు క్రియలను కాస్త వంచుకోవాలి. మనకు ‘డం’ చేరిస్తే చాలు: దాచడం, దాటవేయడం, ఇంకొకరి పేరుతో అడగడం, వాయిదా వేయడం. పనిగా రాస్తే ‘ఎవరి నుంచి దాచడం? ఎంతకాలం?’ అనే ప్రశ్న తనంతట తనే వస్తుంది. ‘సిగ్గు’ అనో ‘సామాజిక కళంకం’ అనో రాస్తే ఏ ప్రశ్నా రాదు. కళంకం అన్న మాట ఈ రంగంలో ఎంత అరిగిపోయిందంటే, అది కోడ్‌గా పడిన చోటల్లా చూపు ఆగిపోతుంది. ఇంటర్వ్యూకు ముందే తెలిసిన మాటను ఇంటర్వ్యూలో కనుక్కున్నామనుకోవడం ఈ పద్ధతిలో అతి మామూలు పొరపాటు. కోడ్‌ల జాబితా చూస్తే అది ఇట్టే తెలిసిపోతుంది. మనుషులను కలవకముందే ఆ జాబితా రాసేయగలిగేలా ఉంటే, అక్కడ గ్రౌండెడ్ థియరీ జరగలేదన్నమాట.

ఇక మెమో. కోడ్ చేస్తుండగా ఏదైనా తట్టితే చేతిలో పని ఆపి, అది చల్లారకముందే రాయాలని గ్లేజర్ పట్టుబట్టేవాడు. మెమోకు మంచి భాష అక్కర్లేదు, ఎవరికీ చూపించక్కర్లేదు. తేదీ మాత్రం ఉండాలి. ఎందుకంటే తర్వాత చూసుకోవలసింది ఆలోచన ఎప్పుడు మలుపు తిరిగిందో. మన పరిశోధకురాలి మెమో ఇలా ఉందనుకుందాం:

‘1వ ఇంటర్వ్యూ. టైము లేదంది. పంటికి టైము దొరికింది. అయితే లేనిది టైము కాదు. మరేంటి? పంటికి వెళ్లినప్పుడు చీటీ రాయించుకుంది. సైకియాట్రీ ఓపీ అదే భవనం, రెండో అంతస్తు. దూరమూ కాదు. అక్కడ చీటీ రాసే క్లర్కు తనకు తెలుసు అని ఒకసారి అంది, నేను పట్టించుకోలేదు. మళ్లీ అడగాలి.’

నాలుగు ఇంటర్వ్యూలు అయ్యాక:

‘3వ ఆయన సర్జన్. మెడికల్ రెప్ ఇచ్చిన ఎస్సిటాలోప్రామ్ శాంపిల్ మూడు నెలలు వేసుకుని తనే ఆపేశాడు. 4వ ఆయన క్యాంటీన్లో సైకియాట్రిస్టు స్నేహితుణ్ని “నా పేషెంటు ఒకడున్నాడు” అని అడిగాడు. ఆ పేషెంటు తనే. వీళ్లు వైద్యం తీసుకోవడం లేదని ఎలా అనను? తీసుకుంటున్నారు. చీటీ మాత్రం రాయించుకోవడం లేదు. 4వ ఆయనే “చీటీ లేని వైద్యం” అన్నాడు, నవ్వుతూ. ఈ మాట ఉంచుకోవాలి.’

ఈ రెండు మెమోల మధ్య ప్రశ్నే మారిపోయింది. ‘ఎందుకు వెళ్లరు’ అని మొదలైంది ‘వెళ్లకుండా ఎలా వెళతారు’ దగ్గరికి వచ్చింది. మాట్లాడినవాళ్ల నోటి మాటనే పేరుగా నిలబెట్టుకోవడం కూడా ఈ పద్ధతిలో ఒక ఒడుపు. ‘చీటీ లేని వైద్యం’లో జబ్బు ఉంది, మందు ఉంది, రోగి పేరు లేదు. కళంకం అన్న మాటలో ఇవేవీ విడివిడిగా కనిపించవు.

చీటీయే అసలు సంగతి అయితే, తర్వాత వెళ్లవలసింది చీటీ అర్థం మారే చోట్లకు. గ్లేజర్, స్ట్రాస్‌ల వార్డుల నడక ఇక్కడ మళ్లీ గుర్తొస్తుంది. మన పరిశోధకురాలు ఇంకో పదిమంది పీజీలను పట్టుకోవచ్చు. వాళ్లు దగ్గర్లోనే ఉన్నారు, దొరుకుతారు కూడా. పది మందీ ఇంచుమించు ఇదే చెబుతారు. ఆమె అలా చేయలేదు. ఒక చిన్న పట్నంలో భార్యాభర్తలిద్దరే నడిపే నర్సింగ్ హోమ్‌కు వెళ్లింది. అక్కడ చీటీ రాయడానికి ఇంకో ఆస్పత్రే లేదు. ఊరు దాటి వెళితే కారు నంబరు చూసి ఎవరో ఒకరు పలకరిస్తారు. ఆ భార్య హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌కు వెళ్లి, డబ్బు నగదుగా కట్టి, ఇంటిపేరు లేకుండా పేరు రాయించుకుంది. అప్పుడు చీటీ ఉన్నట్టా, లేనట్టా? మెమోలో ‘సగం చీటీ’ అని పడింది. అంతకుముందు ఉందా లేదా అనే రెండు గళ్లుగా ఉన్నది ఇప్పుడు ఒక మెట్ల వరుస అయింది.

ఆపైన అమెరికాలో ఉన్న ఒక తెలుగు డాక్టరుతో వీడియో కాల్. అక్కడ క్లర్కు భయం లేదు, ఊరి భయం లేదు. కానీ కొన్ని రాష్ట్రాల లైసెన్సు దరఖాస్తుల్లో మానసిక వైద్యం తీసుకున్నారా అనే ప్రశ్న ఉండేది. గతంలో ఏం వచ్చిందని కాకుండా ఇప్పుడు పనికి అడ్డొస్తున్నదా అని మాత్రమే అడగాలని 2018లో రాష్ట్ర మెడికల్ బోర్డుల సమాఖ్య సిఫారసు చేసింది. సిఫారసు వచ్చినంత మాత్రాన భయం పోదు. ఆయనకు చీటీ అంటే కాగితం కాదు, పదేళ్ల తర్వాత ఎవరో తెరవగల ఫైలు. చీటీని ఎవరు చూస్తారు, ఎంతకాలం ఉంటుంది అనేవి ‘చీటీ లేని వైద్యం’ అనే కేటగిరీకి రెండు గుణాలుగా తేలాయి. పీజీల దగ్గరే ఉండిపోతే రెండోది అసలు కనపడేదే కాదు.

ఇక్కడ ఆమెకు ఒక ఆశ పుట్టింది. గ్లేజర్, స్ట్రాస్ చావు దగ్గర నాలుగు రకాల ఎరుకను చూశారు. రోగికి తెలియనిది, రోగి అనుమానపడేది, ఇద్దరికీ తెలిసినా తెలియనట్టు నటించేది, బాహాటమైనది. మూడోది ఈ డాక్టర్లకు అచ్చుగుద్దినట్టు సరిపోతుందనిపించింది. యూనిట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. డ్యూటీ లిస్టులో నైట్లు మాత్రం చడీచప్పుడు లేకుండా తగ్గుతాయి. అచ్చుపోసి ఉన్న చట్రాన్ని తెచ్చి బిగించాలన్న ఈ ఆశకు గ్లేజర్ పెట్టిన పేరు ‘బలవంతం’. 1992లో ఆయన తన పాత సహచరుడు స్ట్రాస్ మీదే ఈ మాటతో ఒక పుస్తకం రాశాడు. స్ట్రాస్, జూలియట్ కార్బిన్ కలిసి 1990లో చెప్పిన విధానం ముందే కట్టిన చట్రాల్లోకి సమాచారాన్ని తోస్తున్నదని ఆయన గొడవ. నాకైతే ఆ గొడవలో ఇద్దరి వైపూ కొంత న్యాయం కనిపిస్తుంది. చట్రం తెచ్చుకోవడం తప్పు కాదు, దాని అద్దె అది కట్టుకోవాలి. మన పరిశోధకురాలు దాన్ని ఒక మెమోలో పెట్టి, కింద ఇలా రాసుకుంది: ‘నటన అనడానికి రెండో మనిషి వైపు నుంచి సాక్ష్యం కావాలి. నా దగ్గర ఉన్నవన్నీ రోగి వైపువే.’

పద్నాలుగో ఇంటర్వ్యూ దగ్గర కొత్త కోడ్‌లు రావడం ఆగిపోయింది. చాలా థీసిస్‌లలో ‘సాచురేషన్ వచ్చింది’ అనే వాక్యం పడేది ఇక్కడే. ఈ మాట వెనక వాడుకునే అంకె కూడా ఒకటుంది. గెస్ట్, బన్స్, జాన్సన్ 2006లో ఘనా, నైజీరియాల్లో స్త్రీలతో చేసిన 60 ఇంటర్వ్యూలను వెనక్కి తిరిగి లెక్కగట్టి, మొదటి పన్నెండులోనే దాదాపు అన్ని కోడ్‌లూ వచ్చేశాయన్నారు. ఒకే రకం మనుషులను, ఒకే రకం ప్రశ్నలతో అడిగిన సందర్భమది. ఆ షరతు చాలామందికి గుర్తుండదు, పన్నెండు మాత్రం గుర్తుంటుంది. 2017లో హెన్నింక్, కైజర్, మార్కోని 25 ఇంటర్వ్యూలను ఇలాగే తూచి చూశారు. కోడ్‌లు తొమ్మిదింటికే తేలిపోయాయి. వాటి అర్థం నిండుగా తెలియడానికి మాత్రం పదహారు నుంచి ఇరవైనాలుగు పట్టాయి.

బళ్లో సంతృప్త ద్రావణం పాఠం అందరం చదువుకున్నదే. గ్లాసు నీళ్లలో ఉప్పు వేస్తూ పోతే ఒక దశలో కరగడం మాని అడుగున నిలుస్తుంది. అదే నీళ్లను వేడి చేస్తే ఇంకొంచెం కరుగుతుంది. ఇంటర్వ్యూలు కూడా అంతే. ‘కొత్తది రావడం లేదు’ అన్నప్పుడు మనుషులు అయిపోయారా, అడిగే ప్రశ్న చల్లబడిందా అన్నది చూసుకోవాలి. గ్లేజర్, స్ట్రాస్ చెప్పిన సాచురేషన్ సమాచారానికి కాదు, ఒక్కో కేటగిరీకి. చీటీని ఎవరు చూస్తారు, ఎంతకాలం ఉంటుంది, ఎవరు రాయిస్తారు, ఎప్పుడు భయం పోతుంది అనే గుణాలన్నీ నిండాయా, వాటిలో ఏదీ ఇంకో మనిషి రాగానే కదలకుండా ఉందా అన్నది పరీక్ష. ఇయాన్ డే అనే ఆయన 1999లో, నిండిందని చెప్పడం పెద్ద మాట, థియరీకి సరిపడా దొరికిందనడమే నిజాయతీ అన్నాడు. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఈ పరీక్ష పెట్టుకోవడానికి మన పరిశోధకురాలు తన కథను కూలగొట్టగల మనిషి కోసం వెతికింది. మొదటి రోజే, పగలే, సొంత ఆస్పత్రిలోనే చీటీ రాయించుకుని సైకియాట్రీ ఓపీలో కూర్చున్న డాక్టరు ఎవరైనా ఉన్నారా? ఒకామె దొరికింది. ఎనస్థీషియా అసిస్టెంట్ ప్రొఫెసర్. మీకు భయం వేయలేదా అంటే, “ఎందుకు? బాలింతను కదా” అంది. కాన్పు తర్వాత వచ్చిన డిప్రెషన్ అది. అత్తగారే వెంట వచ్చింది. అదే ఆమెకు నాలుగేళ్ల తర్వాత, కాన్పూ ఏమీ లేనప్పుడు మళ్లీ వచ్చింది. అప్పుడు మాత్రం ఇంట్లో ఉన్న పాత చీటీ చూసి అవే మందులు తనే కొనుక్కుంది.

ఒకే మనిషి, ఒకే జబ్బు, ఒకే ఆస్పత్రి, రెండు రకాల నడక. ఈ పద్ధతిలో ఇంతకన్నా మంచి పోలిక దొరకదు. ఆ రాత్రి మెమో: ‘చీటీకి భయపడింది పేరు వల్ల కాదేమో, కారణం చూపలేకపోవడం వల్లనేమో. బాలింతకు కారణం ఉంది. కారణం చూపించగలగడం, ఇది కొత్త గుణం. పాతవన్నీ మళ్లీ చదవాలి.’ పాతవి చదివితే సర్జన్ ఇంటర్వ్యూలో ఒక వాక్యం దొరికింది. అప్పుడు దానికి ‘తండ్రి మరణం’ అని కోడ్ పెట్టి వదిలేసింది. నాన్న పోయిన నెలలో అయితే ఎవరికైనా చెప్పేవాణ్నని, అది దాటాక చెప్పడానికేం మిగిలిందని ఆయన అన్నాడు. పద్నాలుగు దగ్గర ఆపి ఉంటే ఈ వాక్యం అక్కడే పడి ఉండేది. ఆ తర్వాత ఆమె కోవిడ్ డ్యూటీల్లో కుంగినవాళ్లను ఇద్దరిని, ఏ కారణమూ చెప్పలేనివాళ్లను ముగ్గురిని వెతికి కలిసింది. ఆ ఐదుగురూ కొత్త గుణాన్ని కదిలించలేదు, గట్టిపరిచారు.

దీనికి హద్దులు లేకపోలేదు. మాట్లాడటానికి ఒప్పుకున్నవాళ్లంతా ఎంతో కొంత గట్టెక్కినవాళ్లు. ఇప్పుడు మునిగి ఉన్నవాళ్లు రారు, ప్రాణం తీసుకున్నవాళ్లు రాలేరు. సైకియాట్రీ క్లినిక్ ద్వారా మనుషులను పిలిస్తే చివరికి చీటీ రాయించుకున్నవాళ్లే వస్తారు, కథలన్నీ సుఖాంతాలవుతాయి. ఇంకొకటి, ఇది చిన్న లోకం. ‘ఫలానా జిల్లాలో మహిళా న్యూరాలజిస్టు’ అని రాస్తే పేరు రాసినట్టే. అందుకని నివేదికలో స్పెషాలిటీ, ఊరు మార్చాలి. కానీ ఇక్కడ స్పెషాలిటీ, ఊరే థియరీకి ఆధారాలు. ఏది మార్చాలి, ఏది ఉంచాలి అన్నది ఒక్కో మనిషి దగ్గరా విడిగా తేల్చుకోవలసిందే. ఇంటర్వ్యూ మధ్యలో ఎవరైనా చచ్చిపోవాలనుందంటే రికార్డర్ ఆపి ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో మొదటి ఇంటర్వ్యూకు ముందే కాగితం మీద ఉండాలి.

చివరి దశలో మెమోలన్నీ బల్ల మీద పరిచి, ఏది ఏ పక్కకు పోతుందో చేత్తో సర్దుతారు. కంప్యూటర్లో కూడా చేయవచ్చు. కాగితాలతో చేసినవాళ్లు మాత్రం వాటినే ఇష్టపడతారు, ఎందుకంటే ఎక్కడా ఇమడని కాగితం కళ్లెదుటే పడి ఉంటుంది. మన పరిశోధకురాలి బల్ల మీద అలా ఒకటి మిగిలింది. ఆరో ఇంటర్వ్యూ నాటిది: ‘నాకంటే ముందు మా స్టాఫ్ నర్సుకు తెలిసిందేమో అన్నాడు. ఆవిడే నైట్లు తగ్గించమని హెచ్ఓడీకి చెప్పిందట.’ ‘రెండో మనిషి వైపు నుంచి సాక్ష్యం కావాలి’ అని రాసుకున్న మెమో పక్కన దాన్ని పెట్టింది. రెండూ అతికాయి. అయితే ఇప్పుడు వెళ్లవలసింది నర్సుల దగ్గరికి. ఎథిక్స్ కమిటీ ఇచ్చిన అనుమతిలో డాక్టర్లే ఉన్నారు, అదీ ‘గరిష్ఠంగా ఇరవై మంది’ అని. దరఖాస్తు పెట్టిన రోజున ఎవరిని, ఎందరిని కలవాలో రాయమని కమిటీ అడిగింది. అది ఈ పద్ధతిలో ముందే చెప్పగలిగే సంగతి కాదు. అయినా ఆమె ఒక అంకె వేసింది. ఇరవై ఎప్పుడో అయిపోయాయి. సవరణ దరఖాస్తులో ‘కారణం’ అన్న గడి దగ్గర, ఆరో ఇంటర్వ్యూ మెమోను అలాగే ఎత్తి రాసింది.